అమ్మబోతే అడవి

పోయిన జూన్‌లో తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం తన దగ్గరున్న ఒక చిన్న కంపెనీ షేర్లు 2,000 అమ్మాడు. "ఒరేయ్, ఫోన్‌లో రేటు 150 అనే చూపించిందిరా. మూడు లక్షలు వస్తాయనుకున్నా. ఏడు వేలు తగ్గాయేంటి? బ్రోకరేజీ అంత ఉంటుందా?" అని అడిగాడు.

అది బ్రోకరేజీ కాదు. ఆ ఏడు వేలు ఎక్కడికి పోయాయో తెలియాలంటే ముందు లార్జ్ క్యాప్, మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ అనే పేర్లు ఎలా వచ్చాయో చూడాలి.

కంపెనీకి మొత్తం ఎన్ని షేర్లున్నాయో లెక్కగట్టి, ఒక్కో షేరు ధరతో గుణిస్తే వచ్చేది దాని మార్కెట్ విలువ. 2017 అక్టోబరులో సెబీ మ్యూచువల్ ఫండ్ల కోసం ఒక నియమం పెట్టింది. లిస్టయిన కంపెనీలన్నిటినీ ఈ విలువ ప్రకారం వరసలో నిలబెడితే మొదటి 100 లార్జ్ క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్ క్యాప్, 251 నుంచి ఆఖరు దాకా స్మాల్ క్యాప్. ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ ఆరు నెలల సగటు విలువ తీసి, ఏడాదికి రెండుసార్లు ఈ జాబితాను సవరిస్తుంది.

ఇది క్లాసులో ర్యాంకుల లాంటిది. మార్కులు ఎన్ని వచ్చాయన్నది కాదు, పక్కవాళ్లకంటే ఎక్కువా తక్కువా అన్నదే లెక్క. మొదట జాబితా వేసినప్పుడు నూరో స్థానంలో ఉన్న కంపెనీ విలువ దాదాపు 29,000 కోట్లు. 2024 చివరికి ఆ నూరో మెట్టు సుమారు లక్ష కోట్లకు, 250వ మెట్టు సుమారు 33,000 కోట్లకు చేరాయి. అంటే 30,000 కోట్ల కంపెనీ 2017లో లార్జ్ క్యాప్, ఏడేళ్ల తర్వాత అదే విలువతో స్మాల్ క్యాప్. ఆ కంపెనీ ఏమీ చెడిపోలేదు, మిగతావి ముందుకు పోయాయంతే. కాబట్టి "స్మాల్" అన్నంత మాత్రాన నాసి అనీ, "లార్జ్" అన్నంత మాత్రాన భద్రమనీ అనుకోవడం నాకు మొదటి నుంచీ తప్పుగానే తోస్తుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉన్న కంపెనీ. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడగానే ఆ ఒక్కరోజే దాని షేరు విలువలో మూడొంతుల పైన పోయింది.

అయితే ఆ రోజు కూడా సత్యం షేరును అమ్మాలనుకున్నవాళ్లు, ఎంత నష్టానికైనా సరే, అమ్మగలిగారు. చిన్న కంపెనీలో తేడా ఇక్కడే వస్తుంది.

బాబాయి ఆర్డరు పెట్టిన క్షణంలో స్క్రీన్ మీద ఏముందో చూద్దాం. బ్రోకర్ యాప్‌లో షేరు పేరు నొక్కితే "మార్కెట్ డెప్త్" అని ఒక పట్టిక వస్తుంది. ఒకవైపు కొనేవాళ్లు, ఒకవైపు అమ్మేవాళ్లు, ఎవరు ఏ ధరకు ఎన్ని అడుగుతున్నారన్నది అందులో ఉంటుంది. ఆ రోజు కొనేవాళ్ల వరసలో 149.50కి 120 షేర్లు, 149కి 200, 148కి 300, 146.50కి 380, 145కి 1,000 ఉన్నాయి. అమ్మేవాళ్లలో తక్కువ ధర 150.50. రెంటికీ మధ్య ధర 150. బాబాయి మార్కెట్ ఆర్డర్ పెట్టాడు, అంటే ఏ ధరకైనా సరే వెంటనే అమ్మేయమని. ఆర్డరు ఒక్కో మెట్టే దిగుతూ ఐదు వరసలనూ ఊడ్చేసింది. చేతికొచ్చింది 2,92,810 రూపాయలు, సగటున షేరుకు 146.40. రేటు పడిపోలేదు, చెడ్డవార్త ఏదీ రాలేదు. ఆయన అమ్మకమే ధరను కిందికి నెట్టింది. ఈ 2.4 శాతాన్నే మార్కెట్లో ఇంపాక్ట్ కాస్ట్ అంటారు.

అదే మూడు లక్షలు 1,500 రూపాయల పెద్ద కంపెనీ షేర్లలో ఉంటే అమ్మాల్సింది 200 షేర్లు. అక్కడ కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య పది పైసలే తేడా ఉండి, మొదటి వరసలోనే వందల షేర్లు అడిగేవాళ్లుంటే పోయేది పది రూపాయలు. నిఫ్టీ 50లో చోటు దక్కాలంటేనే 10 కోట్ల ఆర్డరుకు కూడా ఇంపాక్ట్ కాస్ట్ అర శాతం దాటకూడదన్న షరతు ఉంది.

ఇంకో చిక్కు కంటికి కనబడదు. మార్కెట్ విలువ లెక్కలో ప్రమోటర్ల షేర్లు కూడా కలిసి ఉంటాయి. ప్రమోటర్ల చేతిలో 75 శాతం దాకా ఉండొచ్చు, అవి రోజువారీ సంతకు రావు. అందుకే ఒకే విలువ ఉన్న రెండు కంపెనీల్లో ఒకటి చకచకా చేతులు మారుతుంది, రెండోదాన్ని అడిగేవాడుండడు.

మామూలు రోజుల్లో పోయేది 2 శాతమే. భయం పట్టుకున్న రోజున తలుపే మూసుకుంటుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న షేర్లకు, అంటే చాలామటుకు పెద్దవాటికి, రోజువారీ కట్టుదిట్టమైన పరిమితి లేదు. మిగతావాటికి ఎక్స్ఛేంజీ 2, 5, 10 లేదా 20 శాతం పట్టీ వేస్తుంది. 5 శాతం పట్టీ ఉన్న షేరుకు చెడ్డవార్త వస్తే పొద్దున్నే 150 నుంచి 142.50కి పడి లోయర్ సర్క్యూట్‌లో ఆగిపోతుంది. అమ్మేవాళ్లు లక్షల షేర్లతో క్యూలో ఉంటారు, కొనేవైపు సున్నా. మర్నాడు 135, ఆ మర్నాడు 129. ఇలా ఐదు రోజులు సాగితే 116. నష్టం 22 శాతం పైనే, ఆ ఐదు రోజుల్లో మన ఆర్డరు ఒక్కటీ కదలకపోవచ్చు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత అచ్చంగా ఈ షేర్లకే సరిపోతుంది. పెరిగేటప్పుడూ అమ్మేవాళ్లు కొద్దిమందే కాబట్టి, కొనబోతే ధర మన మీదికే ఎగదన్నుతుంది.

2017లో నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 సూచీ 57 శాతం దాకా పెరిగింది. మరుసటి ఏడాది దాదాపు 29 శాతం పడింది, అదే 2018లో నిఫ్టీ 50 మూడు శాతం పెరిగింది. చిన్న కంపెనీలకు తరచూ ఒకటే సరుకు, ఇద్దరు ముగ్గురు పెద్ద ఖాతాదారులు, బ్యాంకు అప్పు ఉంటాయి. ఒక్క ఆర్డరు చేజారితే లాభం సగమవుతుంది. దానికి తోడు పలచటి మార్కెట్, అందుకే పడినప్పుడు అంత లోతుకు పడుతుంది. మిడ్ క్యాప్‌లు ఈ రెంటికీ నడుమన ఉంటాయి, వాటిలోనూ పై వరసవాటికి ఫ్యూచర్స్ ఉండటంతో అమ్మకం తేలికే.

ఫండ్ ద్వారా కొన్నవాళ్లకు ఈ బాధ నేరుగా తగలదు, కానీ మేనేజరుకు తగులుతుంది. 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు తమ పెట్టుబడిలో పావు వంతు, సగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో ప్రతి నెలా చెబుతున్నాయి. కొన్ని పెద్ద స్మాల్ క్యాప్ ఫండ్లకు సగం అమ్మడానికే వారాలు కావాలని ఆ లెక్కల్లో తేలింది. పెట్టుబడి పెట్టేముందు రాబడి పట్టిక కన్నా ఈ అంకె చూడమని నేను తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను.

బాబాయికి ఫోన్‌లోనే మూడు సంగతులు చూపించాను. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎంత ఎడముంది, నెల రోజుల సగటున రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి, ఆ షేరుకు ఎంత శాతం పట్టీ ఉంది. ఆయన కంపెనీలో రోజుకు 4,000 షేర్లే మారుతున్నాయి. అందులో సగం ఆయన ఒక్క నిమిషంలో కుమ్మరించాడు.

ఆయన దగ్గర ఇంకో 2,000 మిగిలాయి. రెండో విడత ఫీజు డిసెంబరులో. నవంబరు మొదట్లోనే రోజుకు 200 చొప్పున, ఈ ధరకు తక్కువైతే వద్దని లిమిట్ ఆర్డర్లు పెట్టడం మొదలుపెట్టాడు. మూడు రోజులు ఒక్క షేరూ పోలేదు. మొత్తం అమ్ముడుపోవడానికి పదమూడు ట్రేడింగ్ రోజులు పట్టింది, సగటు ధర 149.20.