ఆఫర్ గడువు పొడిగించమని అడగడం ఎలా?

ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చేసరికి మరో కంపెనీలో ఇంటర్వ్యూలు నడుస్తూ ఉంటే, అభ్యర్థి కొన్ని రోజుల గడువు అడగాల్సి వస్తుంది. అది దొరకడం చాలావరకు ఎప్పుడు అడిగారు, ఏ తేదీ వరకు అడిగారు అన్నదాని మీద ఆధారపడుతుంది.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సోమవారం ఆఫర్ పంపి, శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పమందనుకుందాం. రెండో కంపెనీలో ఇంకా రెండు రౌండ్లు ఉన్నాయి. ముందుగా మాట్లాడాల్సింది ఆ రెండో కంపెనీ రిక్రూటర్‌తోనే. చేతిలో ఆఫర్ ఉందని, శుక్రవారం గడువని చెప్పి, మిగిలిన రౌండ్లు ఎప్పుడు పూర్తవుతాయో, ఆ తర్వాత లెటర్‌కు ఎన్నాళ్లు పడుతుందో అడగాలి. రౌండ్లు గురువారానికల్లా ముగుస్తాయని, జీతం ఖరారుకు, పైవాళ్ల ఆమోదానికి మరో మూడు పనిదినాలు కావాలని ఆయన చెబితే, లెటర్ వచ్చేది మంగళవారం. అంటే మొదటి కంపెనీని అడగాల్సిన గడువు వచ్చే బుధవారం.

ఆ మెయిల్ శుక్రవారం దాకా ఆగకుండా మంగళవారమే పంపాలి. ఆఫర్‌కు కృతజ్ఞతలు చెప్పి, మరో ఇంటర్వ్యూ ప్రక్రియ చివరి దశలో ఉందని, బుధవారం సాయంత్రానికి కచ్చితమైన జవాబిస్తానని రాస్తే చాలు. రెండో కంపెనీ పేరు చెప్పనక్కర్లేదు, లేని ఆఫర్‌ను ఉందనీ చెప్పకూడదు. ‘ఇంకొంచెం టైమ్ కావాలి’ అంటే హెచ్‌ఆర్ పైవాళ్లకు ఏ తేదీ చెప్పాలో తెలియదు. వాళ్ల అసలు బెంగ ఖాళీ ఎప్పుడు భర్తీ అవుతుందన్నదే కాబట్టి, నోటీస్ పీరియడ్ లెక్క కుదిరితే చేరే తేదీ మారదని కూడా రాయాలి.

అడగడంలో కొంత ముప్పు ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, అంగీకారం తెలియజేసేలోపు ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. గడువు దాటితే అది దానంతటదే రద్దవుతుంది. అందుకే ఫోన్‌లో సరేనన్నా, కొత్త తేదీని మెయిల్‌లో రాయించుకోవాలి. రెండో కంపెనీ ‘సెలెక్ట్ అయ్యారు’ అని నోటిమాటగా చెప్పినంత మాత్రాన అది ఆఫర్ కాదు. లెటర్ రాకుండా మొదటిదాన్ని వదులుకుంటే రెండూ పోవచ్చు.

గడువు ఇవ్వమని తేల్చి చెబితే, రెండో కంపెనీ లేదనుకుని మొదటి ఆఫర్ ఒక్కదాన్నే తూచి చూసుకోవాలి. అది నచ్చితే ఒప్పుకుని రెండో ప్రక్రియ నుంచి తప్పుకోవాలి, నచ్చకపోతే శుక్రవారంలోగా కాదని చెప్పాలి. ఒప్పుకున్నట్టు సంతకం చేసి ఇంకోచోట ఇంటర్వ్యూలకు వెళ్లడం మాత్రం సరికాదు. ఆ సంతకాన్ని నమ్మి కంపెనీ తర్వాతి అభ్యర్థిని పంపించేసి ఉంటుంది.