ప్రశ్నావళి సమీక్షలో అంకె, వ్యాఖ్య: అరకు కాఫీ రైతుల సర్వేకు ఒక నమూనా

అరకు లోయలో గిరిజన రైతు కాఫీని మూడు రూపాలలో అమ్మగలడు: కోసిన పండు, తొక్కతో ఎండబెట్టిన కాయ, పల్పింగ్ చేసి ఎండబెట్టిన పార్చ్‌మెంట్. సుమారు 5 కిలోల పండ్ల నుంచి 1 కిలో పార్చ్‌మెంట్ లభిస్తుంది. కావున “మీ తోటలో దిగుబడి ఎన్ని కిలోలు?” అని మాత్రమే అడిగితే, సమాన దిగుబడి పొందిన ఇద్దరు రైతుల సమాధానాలలో ఐదు రెట్ల తేడా కనిపించవచ్చును.

ఇటువంటి దోషాలను క్షేత్రానికి వెళ్ళకముందే గుర్తించుటకు నిపుణుల సమీక్ష ఉపకరిస్తుంది. ప్రతి ప్రశ్నకు 1 నుంచి 4 వరకు మార్కులు కోరుతారు. 3 లేదా 4 ఇచ్చినవారి సంఖ్యను మొత్తం నిపుణుల సంఖ్యతో భాగించగా వచ్చేది ఆ ప్రశ్న యొక్క విషయ ప్రామాణ్య సూచిక. ఆరుగురు నిపుణులున్నప్పుడు ఇది కనీసం 0.78 ఉండాలని సాధారణ నియమం.

ఉదాహరణకు, పై దిగుబడి ప్రశ్నకు ఔచిత్యం విషయంలో ఆరుగురూ 4 ఇచ్చారనుకుందాం, సూచిక 1.00. స్పష్టతకు నలుగురే 3 లేదా 4 ఇస్తే సూచిక 0.67. రెండింటికీ కలిపి ఒకే మార్కు అడిగి ఉంటే ఈ లోపం మరుగున పడేది. అందుచేత ఔచిత్యానికి, స్పష్టతకు వేర్వేరుగా మార్కులు తీసుకోవాలి. 3 కంటె తక్కువ ఇచ్చినవారు కారణంతో పాటు సవరణ వాక్యాన్ని కూడా వ్రాయాలి. ఇక్కడి సవరణ: “గత కోతలో ఏ రూపంలో, ఎన్ని కిలోలు అమ్మారు?”

“దళారులకు అమ్మి నష్టపోతున్నారని మీరు అంగీకరిస్తారా?” అనే ప్రశ్న సమాధానాన్ని ముందే సూచిస్తున్నది. “గత కోతలో కాఫీని ఎవరికి అమ్మారు? వారికే అమ్మడానికి కారణమేమి?” అని అడిగితే రైతు అనుభవం వెలికి వస్తుంది. అదే విధంగా “చాలా తృప్తి, తృప్తి, కొంత తృప్తి, అసంతృప్తి” అనే కొలమానంలో మూడు మెట్లు అనుకూలం, ఒక్కటే ప్రతికూలం. ఇరువైపులా సమాన మెట్లు ఉంచి, “తెలియదు” అన్నదానిని కొలమానానికి వెలుపల చూపాలి.

వరుసక్రమంలోని దోషం మాత్రం విడి ప్రశ్నల మార్కులలో కనిపించదు. పల్పింగ్‌లో ఎదురైన ఇబ్బందులను ముందు అడిగి, పల్పింగ్ చేస్తారా అని తరువాత అడిగితే, పండ్లనే అమ్మే రైతు వద్ద సర్వేయరు ఏదో ఒక గడి నింపి ముందుకు సాగుతాడు. కనుక నిపుణుడు పండ్లు అమ్మే రైతుగా ఒకసారి, పార్చ్‌మెంట్ అమ్మే రైతుగా మరొకసారి ప్రశ్నావళిని ఆసాంతం నింపి, ఎక్కడ ఆగిపోయినదీ వ్రాయాలి.

నిపుణుల సూచికకు కూడా పరిమితి ఉన్నది. నిపుణులకు స్పష్టమైన తెలుగు వాక్యం, ఇంట కువి లేదా ఆదివాసీ ఒడియా మాట్లాడే రైతుకు అదే అర్థాన్ని ఇస్తుందని చెప్పలేము. సవరించిన ప్రశ్నను కొందరు రైతులకు వారి భాషలో చదివి వినిపించి, తాము ఏమి అర్థం చేసుకున్నారో వారి మాటలలోనే చెప్పించాలి. ఆ మాటలు ప్రశ్న ఉద్దేశంతో కలవకపోతే, 1.00 సూచిక పొందిన ప్రశ్ననైనా తిరిగి వ్రాయవలసినదే.