రెండు శీర్షికలు, మూడు వేల రూపాయలు

ఇంట్లో ఆవకాయ పెట్టి ఫేస్‌బుక్‌లో అమ్ముకునే ఒకావిడ ఉన్నారనుకుందాం. ప్రకటనకు ఆమె పెట్టగలిగింది 3,000 రూపాయలు. ఆమె రెండు శీర్షికలు రాసుకున్నారు. ఒకటి ‘అమ్మమ్మ చేతి గుంటూరు ఆవకాయ’, రెండోది ‘అరకిలో ఆవకాయ 250 రూపాయలే’. ఏది మేలని ఇంట్లో అడిగితే తలో మాట చెబుతారు. అందుకని కొనేవాళ్ళ మీదే పరీక్షించి చూద్దామనుకున్నారు.

ఈ పరీక్షలో ఫొటో, ధర, ఊళ్ళు, వయసులు అన్నీ రెండింటికీ ఒకటే ఉండాలి. మారేది శీర్షిక ఒక్కటే. చాలామంది రెండు ప్రకటనలనూ ఒకే గుంపులో వేసి వదిలేస్తారు. అప్పుడు మొదట్లో నాలుగు క్లిక్కులు ఎక్కువ వచ్చిన ప్రకటననే ఫేస్‌బుక్ ఎక్కువమందికి చూపిస్తూ పోతుంది. రెండోదానికి సరైన అవకాశమే రాదు. యాడ్స్ మేనేజర్‌లో A/B test అనే ఏర్పాటు ఉన్నది ఇందుకే. అది జనాన్ని రెండు భాగాలు చేసి, ఒక మనిషికి ఒక ప్రకటననే చూపిస్తుంది. వారాంతంలో కొనే తీరు వేరు, పనిదినాల్లో వేరు కాబట్టి వారం మొత్తం నడపాలి.

వెయ్యిసార్లు చూపడానికి 100 రూపాయలు పడుతుందనుకుంటే, ఈ డబ్బుకు ఒక్కో శీర్షిక 15,000 సార్లు కనబడుతుంది. రెండు రోజులు గడిచేసరికి ‘అమ్మమ్మ’కు 40 క్లిక్కులు, ‘250 రూపాయల’కు 57 వచ్చాయి. రెండోది నలభై శాతానికి పైగా ముందుంది! ఇక్కడే చాలామంది పరీక్ష ఆపేసి గెలిచిన శీర్షికను ప్రకటించేస్తారు.

కానీ రూపాయి బిళ్ళను వందసార్లు ఎగరేస్తే బొమ్మ సరిగ్గా యాభైసార్లే పడదు. రెండు శీర్షికలూ సమానమే అయినా క్లిక్కుల్లో కొంత తేడా యాదృచ్ఛికంగానే వస్తుంది. ఆ తేడా ఎంతవరకు ఉండొచ్చో తెలుసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. రెండు ప్రకటనలూ ఇంచుమించు సమానంగా కనబడి ఉంటే, రెండింటి క్లిక్కులను కలిపి, ఆ మొత్తానికి వర్గమూలం కట్టి, రెట్టింపు చేయాలి. తేడా అంతకన్నా ఎక్కువైతేనే దాన్ని నమ్మొచ్చు. ఇక్కడ మొత్తం 97, వర్గమూలం దాదాపు 10, రెట్టింపు 20. మనకొచ్చిన తేడా 17. అంటే ఇంకా ఏమీ తేలలేదు.

ఈ లెక్కను ముందే అనుకున్న చివరి రోజున, ఒక్కసారే కట్టాలి. అప్పుడు కూడా సమానమైన శీర్షికల మధ్య లేని తేడాను చూపే ప్రమాదం నూటికి అయిదుసార్లు ఉంటుంది. రోజూ తీసి చూసి, గీత దాటిన రోజున ఆపేస్తే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వారం ముగిసింది. క్లిక్కులు 150, 189. తేడా 39. మొత్తం 339కి వర్గమూలం 18.4, రెట్టింపు దాదాపు 37. గీత దాటింది, కానీ అంచు మీద. రెండో రోజున నలభై దాటిన ఆధిక్యం ఇరవై ఆరు శాతానికి దిగిందని కూడా గమనించాలి. లెక్కలోకి తీసుకోవాల్సింది Link clicks మాత్రమే. Clicks (all) అన్న అంకెలో లైకులు, కామెంట్లు కూడా కలిసిపోతాయి.

మరి ఆర్డర్లు? ‘అమ్మమ్మ’కు 9, ‘250’కి 7 వచ్చాయి. మొత్తం 16, వర్గమూలం 4, రెట్టింపు 8. తేడా రెండే. ధర చూసి నొక్కినవాళ్ళు కొనకుండా వెళ్ళిపోయారని కథ అల్లడం సులువే గాని, ఈ అంకెలు ఆ మాట చెప్పవు. న్యాయంగా రాసుకోవాల్సింది ఇంతే: ధర చెప్పిన శీర్షికకు ఎక్కువమంది నొక్కుతున్నారు, ఏది ఎక్కువ అమ్ముతుందో ఇంకా తెలియదు. అమెరికా ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923 నాటి ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ పుస్తకంలో కూపన్ల లెక్కతో ప్రకటనలను తూచమన్నది కూడా అసలు అమ్మకం ఎంతో తేల్చుకోవడానికే.

చిన్న బడ్జెట్‌కు ఒక హద్దుంది. క్లిక్కు పది రూపాయలనుకుంటే, పది శాతం తేడాను పట్టుకోవడానికి ఒక్కో శీర్షికకు కనీసం 840 క్లిక్కులు, రెండింటికీ కలిపి 16,800 రూపాయలు కావాలి. మూడు వేలతో పెద్ద తేడాలే కనబడతాయి. అందుకని ‘కమ్మని ఆవకాయ’, ‘రుచికరమైన ఆవకాయ’ అంటూ మాట మార్చి పరీక్షించడం దండగ. ఒకటి జ్ఞాపకాన్ని తడితే ఇంకొకటి ధర చెప్పాలి, లేదా ఎన్ని రోజుల్లో ఇంటికి చేరుతుందో చెప్పాలి. అంత దూరంగా ఉన్న రెండు ఆలోచనల మధ్య కూడా తేడా తేలకపోతే, నచ్చినదాన్ని పెట్టుకుని మిగిలిన డబ్బును ఫొటో మార్చి చూడటానికి వాడుకోవచ్చు.