నాలుగు అంకెల ప్రస్తారాలు, లెగ్రాంజ్ సిద్ధాంతం

1, 2, 3, 4 అనే నాలుగు అంకెలు తమలో తాము చోట్లు మార్చుకునే పద్ధతులు మొత్తం 24. ఒక్కో పద్ధతిని ఒక ప్రస్తారం అంటారు. ఒక ప్రస్తారం తర్వాత మరొకటి జరిపితే వచ్చే ఫలితం కూడా ఈ 24లో ఏదో ఒకటి అవుతుంది. ఏ అంకెనూ కదపని తత్సమ ప్రస్తారం వీటిలో ఉంది. చేసిన మార్పును వెనక్కి తిప్పే విలోమ ప్రస్తారం ప్రతిదానికీ ఉంది. అందుకే ఈ 24 కలిసి ఒక సమూహం అవుతాయి. దీన్ని S₄ అని రాస్తారు.

ప్రస్తారాన్ని రాయడానికి అనువైనది చక్రాల పద్ధతి. (1 2 3) అంటే 1 పోయి 2 చోటికి, 2 పోయి 3 చోటికి, 3 తిరిగి 1 చోటికి వెళ్తాయి. 4 కదలదు కాబట్టి దాన్ని రాయనక్కర్లేదు. ఇదే మార్పును వరుసగా మూడుసార్లు చేస్తే అంకెలన్నీ మొదటి చోట్లకు చేరతాయి. అంతకంటే తక్కువసార్లలో చేరవు. ఈ ‘మూడు’నే ఆ ప్రస్తారపు పరిమాణం అంటారు. చక్రంలో ఎన్ని అంకెలుంటే దాని పరిమాణం అంత. ప్రస్తారంలో ఒకదానికొకటి సంబంధం లేని చక్రాలు రెండు మూడు ఉంటే, వాటి పొడవుల క.సా.గు. తీసుకోవాలి. ఉదాహరణకు ఐదు అంకెల మీద (1 2 3)(4 5) పరిమాణం 6. మొదటి చక్రం మూడేసి అడుగులకు, రెండోది రెండేసి అడుగులకు మొదటికొస్తాయి. రెండూ ఒకేసారి మొదటికి రావాలంటే ఆరు అడుగులు పడతాయి.

విద్యార్థులు తరచుగా తప్పు చేసేది ఇక్కడే. చక్రాల్లో ఉమ్మడి అంకె ఉన్నప్పుడు క.సా.గు. సూత్రం పనిచేయదు. (1 2)(2 3)లో రెండు చక్రాల పొడవూ 2 కాబట్టి పరిమాణం 2 అనిపిస్తుంది. కానీ 2 రెండింటిలోనూ ఉంది. కుడివైపు చక్రాన్ని ముందు జరిపి చూడాలి. 1ని కుడి చక్రం కదపదు, ఎడమ చక్రం 2కి పంపుతుంది. 2ని కుడి చక్రం 3కి పంపుతుంది, ఎడమది అక్కడే ఉంచుతుంది. 3 ముందు 2కి, అక్కడి నుంచి 1కి వెళ్తుంది. అంటే ఇది (1 2 3)యే, పరిమాణం 3. ముందు ఉమ్మడి అంకెలు లేని చక్రాలుగా విడదీసి, ఆ తర్వాతే క.సా.గు. కట్టాలి.

ఈ లెక్కన S₄లోని 24 ప్రస్తారాలూ ఐదు రకాలుగా విడిపోతాయి. తత్సమం ఒకటి. రెండంకెలను మాత్రం మార్చేవి ఆరు. (1 2)(3 4) లాంటి జంట మార్పులు మూడు. ఈ రెండు రకాల పరిమాణమూ 2. మూడంకెల చక్రాలు ఎనిమిది, పరిమాణం 3. నాలుగంకెల చక్రాలు ఆరు, పరిమాణం 4. 1, 6, 3, 8, 6 కూడితే 24 వస్తుంది కాబట్టి ఏదీ తప్పిపోలేదు.

ఇక ఉపసమూహం. సమూహంలో కొన్ని మూలకాలను తీసుకుంటే, అవి తమలో తాము కలిసినా, విలోమం తీసుకున్నా బయటికి పోకుండా ఉంటే ఆ కొన్నీ కలిసి ఉపసమూహం. దాని పరిమాణం మీద ఒక గట్టి కట్టడి ఉంది: ఉపసమూహ పరిమాణం మొత్తం సమూహ పరిమాణాన్ని నిశ్శేషంగా భాగించాలి. దీనికి లెగ్రాంజ్ పేరు పెట్టారు. 1770 ప్రాంతంలో ఆయన సమీకరణాల మూలాలను తారుమారు చేస్తూ పోయి ఇలాంటి ఫలితాన్ని గమనించాడు. సమూహమనే భావన అప్పటికి రూపుదిద్దుకోలేదు.

ఇది ఎందుకు నిజమో చూడటం కష్టం కాదు. H ఒక ఉపసమూహం అనుకుందాం. H బయట ఉన్న a అనే మూలకాన్ని తీసుకుని, Hలోని ప్రతి మూలకాన్నీ దానితో ఎడమవైపు గుణిస్తే aH అనే కట్ట వస్తుంది. దీన్ని కోసెట్ అంటారు. గుణించాక రెండు మూలకాలు ఒకటైపోవు, ఎందుకంటే aని కొట్టేస్తే మొదటి రెండూ ఒకటేనని తేలుతుంది. కాబట్టి కట్టలో కచ్చితంగా Hలో ఉన్నన్నే ఉంటాయి. రెండు కట్టలకు ఒక్క మూలకం ఉమ్మడిగా ఉన్నా ఆ రెండూ పూర్తిగా ఒకే కట్ట. ఇలా సమూహం మొత్తం సమానమైన, అతివ్యాప్తి లేని కట్టలుగా విడిపోతుంది. శేషం మిగలడానికి చోటే లేదు.

S₄లో ఉపసమూహాల పరిమాణాలు 1, 2, 3, 4, 6, 8, 12, 24 మాత్రమే కాగలవు. 5గానీ 9గానీ 10గానీ వెతకనక్కర్లేదు. ఒక మూలకాన్ని పదేపదే జరిపితే దాని పరిమాణమంత ఉపసమూహం వస్తుంది కాబట్టి, మూలకాల పరిమాణాలకూ ఇదే కట్టడి. పరిమాణం 3 ఉన్న ఉపసమూహాలు ఎన్నో కూడా లెక్కించవచ్చు. ఒక్కోదానిలో మూడంకెల చక్రాలు రెండేసి, ఒక చక్రం, దాని విలోమం. మొత్తం ఎనిమిది చక్రాలు కాబట్టి ఉపసమూహాలు నాలుగు. 4ని కదపకుండా మిగతా మూడింటిని ఎలాగైనా మార్చితే పరిమాణం 6 వస్తుంది. 1, 2, 3, 4ను చతురస్రం మూలలకు వరుసగా పెట్టి, ఆ చతురస్రాన్ని తిప్పడం, బోర్లించడం మాత్రమే అనుమతిస్తే పరిమాణం 8 వస్తుంది.

పరిమాణం 12 ఉన్న ఉపసమూహం పేరు A₄. సరిసంఖ్యలో జంటలను మార్చి సాధించగల ప్రస్తారాలు ఇందులో ఉంటాయి: తత్సమం, మూడు జంట మార్పులు, ఎనిమిది మూడంకెల చక్రాలు. 12ని 6 భాగిస్తుంది కాబట్టి A₄లో పరిమాణం 6 ఉన్న ఉపసమూహం కూడా ఉండాలనిపిస్తుంది. లేదు. సిద్ధాంతం చెప్పేది ఒక దిక్కుకే: ఉపసమూహం ఉంటే భాగించాలి. భాగిస్తే ఉండి తీరాలని అది చెప్పదు.

లేదనడానికి రుజువు ఇది. అలాంటి H ఉందనుకుందాం. కట్టలు రెండే: H, దాని బయట మిగిలిన ఆరు. a బయటిదైతే a² ఏ కట్టలో ఉంటుంది? బయటి కట్ట aHలో ఉంటే, ఒక aని కొట్టేయగానే a Hలోనే ఉందని తేలుతుంది. అది కుదరదు. కాబట్టి a² Hలోనే ఉంటుంది. a లోపలిదైతే a² ఎలాగూ లోపలే. అంటే ప్రతి మూలకపు వర్గమూ Hలో ఉండాలి. మూడంకెల చక్రం cని మూడుసార్లు జరిపితే తత్సమం కాబట్టి, నాలుగుసార్లు జరిపితే మళ్లీ c వస్తుంది. అంటే c అనేది c²కి వర్గం. ఎనిమిది చక్రాలూ Hలోకి వచ్చి పడతాయి. H పరిమాణం ఆరే. వైరుధ్యం.

ఇదే వాదన మరో లెక్కలోనూ అక్కరకొస్తుంది. (1 2 3), (1 2 3 4) రెండూ ఉన్న ఉపసమూహం ఎంత పెద్దది? పరిమాణాలు 3, 4 కాబట్టి ఉపసమూహ పరిమాణం 12కి గుణిజం, అంటే 12 గానీ 24 గానీ. 12 అయితే S₄లో దానికి కట్టలు రెండే. పై వాదన ప్రకారం ఎనిమిది మూడంకెల చక్రాలూ అందులో ఉంటాయి. (1 2 3)(1 2 4) గుణిస్తే (1 3)(2 4) వస్తుంది. మిగతా రెండు జంట మార్పులూ ఇలాగే వస్తాయి. తత్సమంతో కలిపి అక్కడికే 12 నిండిపోయాయి, (1 2 3 4)కు చోటు లేదు. కాబట్టి ఆ రెండు ప్రస్తారాలూ కలిసి S₄ మొత్తాన్నీ పుట్టిస్తాయి.

ఐదంకెలకు వెళ్తే ఖాళీలు ఇంకా పెరుగుతాయి. S₅ పరిమాణం 120. దానిని 15, 30, 40 భాగిస్తాయి, కానీ ఆ పరిమాణాల ఉపసమూహాలు లేవు. ఈ సంగతి ఇటలీకి చెందిన రుఫీనీ 1799 నాటి గ్రంథంలోనే తేల్చాడు. అయితే ప్రధాన సంఖ్యల విషయంలో హామీ ఉంది. సమూహ పరిమాణాన్ని ఒక ప్రధాన సంఖ్య భాగిస్తే, ఆ పరిమాణం ఉన్న మూలకం తప్పక ఉంటుందని 1840లలో కోషీ నిరూపించాడు. 6 ప్రధాన సంఖ్య కాదు కాబట్టే A₄కు ఆ హామీ వర్తించలేదు.