అంకె మారింది, మొత్తం మారలేదు

డిగ్రీ కామర్స్ పిల్లలకు నేను స్ప్రెడ్‌షీట్ పాఠాలు చెబుతాను. ఇంటర్న్‌షిప్ ముగించుకొని వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో లేచి అడిగింది: “సార్, ఫార్ములా సరిగ్గానే ఉంది. అంకె మార్చాను, మొత్తం మారలేదు. కాసేపయ్యాక ఫైలు తెరిస్తే అదే మారిపోయి ఉంది. అలా ఎందుకు జరిగింది?”

జరిగింది ఇదీ. బోర్డు మీటింగ్ రోజు ఉదయం ఆమె ముందుగా మేనేజర్ తయారుచేసిన పెద్ద బడ్జెట్ ఫైలు తెరిచింది. దాన్ని మూయకుండానే తన చిన్న ఫైలు తెరిచింది. అందులో D2 నుంచి D7 దాకా ఆరు విభాగాల ఖర్చులు లక్షల్లో ఉన్నాయి: 12.50, 8.20, 5.00, 6.40, 4.80, 4.40. D8లో వాటి మొత్తం:

```
=SUM(D2:D7)
```

D8లో 41.30 కనిపిస్తోంది. ఆదాయం 50 లక్షలు కాబట్టి మిగులు 8.70. అంతలో మరమ్మతుల ఖర్చు 6.40 కాదు, 9.10 అని కబురొచ్చింది. D5లో 9.10 కొట్టింది. మొత్తం 44.00 కావాలి, మిగులు 6.00కి తగ్గాలి. తెరమీద మాత్రం 41.30, 8.70 అలాగే ఉన్నాయి. హడావిడిలో ఆమె వాటిని గమనించలేదు. పట్టికను స్లైడ్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాత ఫైలు సేవ్ చేసి మూసేసింది.

మీటింగ్‌కు ముందు అకౌంటెంట్ ఒకాయన స్లైడ్‌లోని ఆరు అంకెలను కాలిక్యులేటర్‌తో కూడి చూస్తే 44 వచ్చింది. ఫైలు తెరిచి చూస్తే అందులోనూ 44 ఉంది. దాంతో అమ్మాయే తప్పుగా ఎక్కించిందని అందరూ అనుకున్నారు. ఆమె ఎక్సెల్‌లో లెక్కింపు మాన్యువల్‌లో ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇది అర్థం కావాలంటే సెల్ లోపల ఏముంటుందో తెలియాలి. ఫార్ములా ఉన్న ప్రతి సెల్‌లోనూ రెండు ఉంటాయి. ఒకటి ఫార్ములా, రెండోది దాన్ని కిందటిసారి లెక్కించినప్పుడు వచ్చిన జవాబు. మన కంటికి కనబడేది ఆ రెండోదే. జవాబు ఇప్పటిదా, పాతదా అన్నది అంకె రూపం చూసి చెప్పలేం.

పాత జవాబు కనబడే బెడద స్ప్రెడ్‌షీట్‌తోనే పుట్టింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ రాశారు. అందులో ఒక అంకె మార్చితే షీటు మొత్తాన్నీ మళ్లీ లెక్కించేది. షీటు పెద్దదైతే ప్రతి అంకె కొట్టాక ఆగి ఎదురుచూడాలి. అందుకే అందులోనే లెక్కింపును మాన్యువల్‌లో పెట్టుకొనే వీలుండేది. అంకెలన్నీ ఎక్కించాక ! నొక్కితే ఒకేసారి లెక్క తేలేది.

విసికాల్క్‌కు మరో చిక్కు ఉంది. అది పై నుంచి కిందికి వరసలవారీగానో, ఎడమ నుంచి కుడికి నిలువు వరసలవారీగానో మాత్రమే లెక్కించేది. A1లోని ఫార్ములాకు కింద C3లో ఉన్న జవాబు అవసరమనుకోండి. A1 వంతు ముందొస్తుంది, అప్పటికి C3లో ఉన్నది పాత జవాబు. A1 దాన్నే తీసుకుంటుంది. సరైన జవాబు రావాలంటే రెండోసారి ! నొక్కాలి. ఎన్నిసార్లు నొక్కితే చాలన్నది షీటులో ఫార్ములాలు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే ఈ చిక్కుకు పరిష్కారం విసికాల్క్ కంటే పదేళ్లు ముందే, 1969లోనే ఉంది. రెనే పార్డో, రెమీ లాండౌ పెద్ద కంప్యూటర్ల కోసం రాసిన లాన్‌పార్ అనే ప్రోగ్రామ్ ఫార్ములాలు ఏ క్రమంలో రాశారన్నది పట్టించుకోదు. ఏది దేనిమీద ఆధారపడిందో చూసి, ఆధారాన్ని ముందు లెక్కిస్తుంది. 1970లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే 1983లో గానీ చేతికి రాలేదు. ఆ 1983లోనే మార్కెట్‌లోకి వచ్చిన లోటస్ 1-2-3 వ్యక్తిగత కంప్యూటర్లలో ఈ పద్ధతిని అందరికీ అందించింది. ఆ పేటెంట్ మీద కోర్టు గొడవలు చాలాకాలం నడిచాయి.

ఎక్సెల్ ఇంకో అడుగు వేసింది. నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఇక్కడి యంత్రాంగమే. ఏ సెల్ మీద ఏ ఫార్ములా ఆధారపడిందో అది గుర్తు పెట్టుకుంటుంది. D5 మారగానే D8కి డర్టీ అనే గుర్తు పెడుతుంది, అంటే దాని జవాబు పాతబడిందని. D8 మీద ఆధారపడిన మిగులుకూ అదే గుర్తు, ఆ మిగులును వాడుకొనే వేరే షీటులోని శాతానికీ అదే గుర్తు. లెక్కించేటప్పుడు గుర్తున్న ఆ మూడింటినే లెక్కిస్తుంది. మిగతా వేల సెల్‌ల జోలికి పోదు.

వాటిని ఏ క్రమంలో లెక్కించాలన్నదానికి ఫార్ములాలన్నిటి జాబితా ఒకటి ఉంచుకుంటుంది. జాబితాలో శాతం వంతు ముందొచ్చి, దానికి కావలసిన మిగులు ఇంకా తేలకపోతే, శాతాన్ని మిగులు తర్వాతకు జరుపుతుంది. అలా సర్దిన క్రమాన్ని దాచుకుంటుంది కాబట్టి తర్వాతి లెక్కలకు ఆ శ్రమ తప్పుతుంది.

ఆటోమేటిక్‌లో ఉంటే గుర్తు పెట్టడం, లెక్కించడం వెంటవెంటనే జరిగిపోతాయి. మాన్యువల్‌లో గుర్తు పెట్టడం వరకే జరుగుతుంది. F9 నొక్కేదాకా లెక్కింపు ఆగుతుంది. అంటే ఆ ఉదయం 41.30 పాతదని ఎక్సెల్‌కు తెలుసు. ఆ సంగతి కింద స్టేటస్ బార్‌లో Calculate అన్న చిన్న మాటగా చెప్పింది కూడా.

మరి ఆమె ఏ సెట్టింగూ ముట్టకుండా మాన్యువల్ ఎక్కడినుంచి వచ్చింది? మేనేజర్ ఫైలు నుంచి. ఎక్సెల్ ముందు తెరిచిన ఫైలులో ఏ పద్ధతి సేవ్ అయి ఉందో దాన్నే తీసుకొని, ఆ తర్వాత తెరిచే ఫైళ్లన్నిటికీ వర్తింపజేస్తుంది. లెక్కకు నిమిషాలు పట్టే ఆ బరువైన బడ్జెట్‌ను మేనేజర్ మాన్యువల్‌లో ఉంచడం సబబే. కానీ అది చిన్న ఫైలుకూ అంటుకుంది. ఆమె సేవ్ చేయడంతో ఆ ఫైలూ మాన్యువల్‌గానే నిలిచింది. రేపు దాన్ని ముందుగా తెరిచినవాళ్లకూ అదే అంటుకుంటుంది.

జవాబు తర్వాత మారిపోవడానికీ కారణముంది. మాన్యువల్‌లో సేవ్ చేసే ముందు ఒకసారి లెక్కించాలన్న ఏర్పాటు, ఎవరూ తీసేయకపోతే, ఎక్సెల్‌లో ఉంటుంది. కాపీ ముందు జరిగింది, సేవ్ తర్వాత జరిగింది. అందుకే స్లైడ్‌లో పాత జవాబు, ఫైలులో కొత్త జవాబు. సేవ్‌తో తప్పు ఆనవాలే చెరిగిపోయింది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. D2 నుంచి D7 దాకా మౌస్‌తో ఎంచుకుంటే స్టేటస్ బార్‌లో Sum కనిపిస్తుంది. మాన్యువల్‌లో ఉన్నా అది అప్పుడున్న అంకెలనే కూడి చూపుతుంది. అక్కడ 44, D8లో 41.30 ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. F9 నొక్కగానే D8 మారితే కారణం మాన్యువల్. మారకపోతే అంకెలో, ఫార్ములా పరిధిలో లోపం వెతకాలి. అంకె టెక్స్ట్‌గా నమోదైతే మామూలుగా సెల్‌లో ఎడమవైపుకు జరిగి కనిపిస్తుంది. దాన్ని SUM కూడదు, స్టేటస్ బార్ కూడా కూడదు. అప్పుడు రెండు మొత్తాలూ ఒకటే అయి, రెండూ తప్పే అవుతాయి. కాబట్టి అంకె టెక్స్ట్‌గా ఉందేమోనన్నది విడిగా చూడాలి.

నేను ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఒక ఫైలు సెట్టింగ్ చెప్పాపెట్టకుండా పక్క ఫైలుకు పాకడం, పాతబడిన జవాబు కొత్తదానిలాగే కనబడడం సాధనంలోని లోపాలు. ఇటీవలి ఎక్సెల్ కూర్పుల్లో పాత జవాబుల మీద అడ్డగీత చూపే ఏర్పాటు వచ్చింది. అది ఎప్పుడో రావాల్సింది. మీ ఎక్సెల్‌లో అది లేకపోతే, మొత్తాన్ని బయటికి కాపీ చేసే ముందు Formulas ట్యాబ్‌లో Calculation Options చూడండి, F9 నొక్కండి, ఆ తర్వాతే కాపీ చేయండి.