సీనియర్ సిటిజన్ పుట్టింది ఎన్నికల్లో

1938లో షెరిడన్ డౌనీ అనే లాయరు కాలిఫోర్నియా నుంచి అమెరికా సెనేట్‌కు పోటీ చేశాడు. ఆర్థిక మాంద్యం ఇంకా వదల్లేదు. సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చి మూడేళ్లయినా, నెలనెలా పింఛను చేతికందడం మొదలవలేదు. వయసు మళ్లి, పని దొరక్క, దాచుకున్నది బ్యాంకులతో పాటు మునిగిపోయినవాళ్లు ఆ రాష్ట్రంలో లక్షల మంది. వాళ్ల కోసం 'హామ్ అండ్ ఎగ్స్' అనే ఉద్యమం నడుస్తోంది. యాభై దాటి పనిలేని ప్రతి ఒక్కరికీ గురువారం గురువారం 30 డాలర్లు ఇవ్వాలన్నది దాని డిమాండు. డౌనీ దాన్ని భుజాన వేసుకున్నాడు. సభల్లో ఆ జనాన్ని ఏమని పిలవాలి? ముసలివాళ్లంటే ఓట్లు రాలవు, పేదలంటే పౌరుషం దెబ్బతింటుంది. అందుకని 'సీనియర్ సిటిజన్స్' అన్నాడు. ఇది ఎన్నికల కోసం ఆయన వాడుతున్న మాట అని ఆ అక్టోబరులో టైమ్ పత్రిక కాస్త వెటకారంగానే రాసింది. నిఘంటువులు ఈ మాటకు చూపించే తొలి ఆధారం అదే. నవంబరులో డౌనీ గెలిచాడు. గురువారం 30 డాలర్ల ప్రతిపాదన మాత్రం ఓడిపోయింది. డబ్బు రాలేదు గానీ మాట మిగిలింది.

ఆ మాట నిర్మాణంలో మంచి తెలివి ఉంది. 'సిటిజన్' అనగానే హక్కులు గుర్తొస్తాయి, 'సీనియర్' అనగానే అనుభవం గుర్తొస్తుంది. వయసు సంగతి ఎక్కడా ఎత్తకుండానే వయసు గురించి చెప్పేస్తుంది. కాబట్టే ప్రభుత్వాలకూ బ్యాంకులకూ రవాణా సంస్థలకూ తెగ నచ్చింది. మనకూ అంతే. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసినప్పుడు దాని ఇంగ్లీషు పాఠంలో అరవై నిండినవాళ్లను సీనియర్ సిటిజన్ అన్నారు. ఆదాయపు పన్ను శాఖ ఇంకో మెట్టెక్కి, ఎనభై నిండినవాళ్లకు 'సూపర్ సీనియర్' అని బిరుదిచ్చింది. మన కాలేజీల్లో, ఆఫీసుల్లో, సినిమా రంగంలో సీనియర్ అనేది గౌరవం తెచ్చే మాట కాబట్టి, తెలుగువాళ్లకు ఇందులో ఎబ్బెట్టు పెద్దగా తోచదు. వడ్డీ అర శాతం ఎక్కువొస్తుందంటే అసలే తోచదు.

అమెరికాలో మాత్రం ఈ మాటకు మెరుగు పోయింది. రాయితీ కార్డులు, ప్రత్యేక భోజనాలు, విడిగా కట్టిన కాలనీలు, అన్నిటి మీదా ఇదే పేరు పడేసరికి సీనియర్ అంటే సమాజం నుంచి పక్కకు జరిపిన మనిషి అనే ఛాయ వచ్చింది. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోతే 'సీనియర్ మూమెంట్' అని నవ్వుకోవడం అలవాటైంది. ఇరవై ఏళ్ల కుర్రాడు ఫోను పోగొట్టుకుంటే దానికి అలాంటి పేరేమీ లేదు. మర్యాద కోసం తెచ్చిన మాట కొన్నాళ్లకు పాత మాట మోసిన బరువునే మోస్తుంది. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ 1990లలో ఈ తంతును ట్రెడ్‌మిల్‌తో పోల్చాడు. ఎంత నడిచినా అక్కడే ఉంటాం.

'ఎల్డర్లీ' కథ వేరు. ఒకప్పుడు దాని అర్థం 'కాస్త వయసైన' అని మాత్రమే. 'ఓల్డ్' కన్నా మెత్తని మాట అది. ఆసుపత్రుల భాషలో బలహీనత, మంచం, కింద పడటం వంటి వాటితో పదే పదే జతకట్టి ఇప్పటి రంగు తెచ్చుకుంది. అంతకన్నా చిక్కు 'ది ఎల్డర్లీ' అన్నప్పుడు వస్తుంది. మనిషిని వర్ణించాల్సిన విశేషణం మనిషినే మింగేసి, ఒక గుంపు పేరైపోతుంది. మారథాన్‌లో పరుగెత్తే అరవై ఆరేళ్లామె, మంచం దిగలేని తొంభై మూడేళ్లాయన, మనవడి స్కూలు ఫీజు కోసం ఇంకా ఆటో తోలే డెబ్బై ఏళ్లతను, అందరూ ఒకే ముద్ద.

ఈ జబ్బు మన పత్రికలకూ ఉంది. ఏ రోజు పేపరైనా తిరగేయండి. లారీ ఢీకొన్న అరవై రెండేళ్ల మహిళ జిల్లా పేజీలో 'వృద్ధురాలు' అవుతుంది. అదే వయసు మంత్రిగారు మొదటి పేజీలో మంత్రిగారే. ఇద్దరి వయసూ ఒకటే అయినప్పుడు ఆ మాట చెబుతున్నది వయసు కాదు, నిస్సహాయత. ఎవరిని నిస్సహాయులుగా చూపాలో వార్త రాసేవారు ముందే తేల్చుకున్నారన్నమాట.

'ఓల్డర్ అడల్ట్', 'ఓల్డర్ పర్సన్' అనే మాటలు ఈ మూసను తప్పించుకునే ప్రయత్నం. ఐక్యరాజ్యసమితిలో ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులు చూసే సంఘం 1995లో ఒక పత్రం వెలువరిస్తూ, వాడుకలో ఉన్న పేర్లన్నీ వరసపెట్టి చూసి 'ఓల్డర్ పర్సన్స్' అన్నదాన్ని ఎంచుకుంది. 1999 నాటి మన జాతీయ విధానం ఇంగ్లీషు పేరులోనూ ఇదే ఉంది. 2017లో అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ తన పత్రికకు వ్యాసాలు పంపే పరిశోధకులకు సీనియర్స్, ఎల్డర్లీ, ఏజ్డ్ వంటివి వద్దు, ఓల్డర్ అడల్ట్ అని రాయండి, అధ్యయనంలో ఉన్నవారి వయసులు అంకెల్లో చెప్పండి అంది. ఆ మాటలో రెండు సుగుణాలున్నాయి. 'ఓల్డర్' అంటే ఇంకొకరితో పోలిస్తే పెద్ద అని మాత్రమే, గీత గీసి అవతల నిలబెట్టడం లేదు. 'అడల్ట్' అంటే తన నిర్ణయం తాను తీసుకోగల మనిషి. అయితే ఇదీ అరవై ఐదునూ తొంభై ఐదునూ ఒకే సంచిలో వేస్తుంది. నన్నడిగితే ఆ సలహాలో అసలు విలువ రెండో సగానిది. వయసు అవసరమైన చోట అంకె వేయాలి, అవసరం లేని చోట వదిలేయాలి.

ఇంతకీ మాట మనిషిని నిజంగా మారుస్తుందా? ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ రంగంలో బాగా పేరుపడ్డ ప్రయోగమే నిలబడలేదు. 1996లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ బార్గ్ బృందం విద్యార్థుల చేత వాక్యాలు కూర్పించింది. కొందరి వాక్యాల్లో ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు కలిపారు. బయటికి వెళ్లేటప్పుడు వాళ్లు వరండాలో నెమ్మదిగా నడిచారని ప్రకటించారు. ఈ కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. 2012లో బ్రస్సెల్స్‌లో దాన్ని మళ్లీ చేసి, స్టాప్‌వాచ్‌కు బదులు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లతో నడక కొలిస్తే తేడా కనిపించలేదు. ప్రయోగం నడిపేవారికి 'వీళ్లు నెమ్మదిగా నడుస్తారు' అని ముందుగా నమ్మకం కలిగించినప్పుడే తేడా బయటపడింది. ఒక మాట చెవిన పడగానే కాళ్లు బరువెక్కుతాయన్నది అంత తేలిగ్గా నమ్మదగ్గ సంగతి కాదు.

రోజూ చెవిన పడే తీరు సంగతి వేరు. అమెరికాలోని క్యాన్సస్‌లో నర్సింగ్ పరిశోధకురాలు క్రిస్టీన్ విలియమ్స్ చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా తోస్తుంది, అక్కడ కొలిచింది ఒక్క మాటను కాదు, మాట్లాడే పద్ధతిని. నర్సింగ్ హోముల్లో డిమెన్షియా ఉన్నవారికి సిబ్బంది స్నానం చేయించడం, బట్టలు తొడగడం వంటివి వీడియో తీశారు. పెద్దవాళ్లతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటాన్ని 'ఎల్డర్‌స్పీక్' అంటారు. గొంతు పెంచి సాగదీయడం, పేరుకు బదులు 'స్వీటీ' అనడం, 'మనం స్నానానికి రెడీయేనా?' అని బహువచనంలో అడగడం దాని లక్షణాలు. ఆ వీడియోలను ఒక్కో క్షణం పరిశీలించి, సిబ్బంది ఎలా మాట్లాడినప్పుడు ఎదుటివారు చెయ్యి తోసేశారో, అరిచారో, ముఖం తిప్పుకున్నారో గుర్తించారు. మామూలుగా మాట్లాడినప్పుడు అలా ఎదురు తిరిగే అవకాశం సుమారు 26 శాతం. ఎల్డర్‌స్పీక్ వాడినప్పుడు 55 శాతం. 2009లో వచ్చిన ఈ అధ్యయనంలో ఉన్నది ఇరవై మందే, అది చిన్న సంఖ్య. కానీ ఆ తర్వాత గంటేసి చొప్పున మూడు తరగతులు పెట్టి సిబ్బంది మాట తీరు మారిస్తే, పెద్దవాళ్ల ఎదురుతిరుగుడు కూడా తగ్గింది. జ్ఞాపకం చెదిరినా తనను చిన్నపిల్లాడిలా చూస్తున్నారన్న సంగతి మనిషికి తెలుస్తూనే ఉంటుంది.

తెలుగులో ఇది మరో రూపంలో ఉంటుంది. కొత్తవాళ్లను 'తాతగారూ', 'మామ్మగారూ' అనడం మనకు మర్యాదే, అందులో తప్పు వెతకనక్కర్లేదు. 'గారు' జారిపోయి, 'మీరు' కాస్తా 'నువ్వు' అయినప్పుడు చూడాలి. 'ఏం తాతా, మాత్ర మింగావా, గుడ్' అనేది ఒకటి. మనిషి ఎదురుగా కుర్చీలో ఉండగానే డాక్టరు కొడుకు వైపు తిరిగి 'ఈయనకు నిద్ర పడుతోందా?' అని అడగడం ఇంకొకటి. కంప్యూటరు నేర్చుకుంటానన్నా, రెండో పెళ్లి మాటెత్తినా, చివరికి రంగు చీర కట్టినా 'కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక ఈ వయసులో ఎందుకండీ' అనేది మూడోది. మూడింటిలోనూ ముసలి అన్న మాట లేదు. మాట మార్చినంత మాత్రాన పని ఎందుకు పూర్తికాదో అక్కడ తెలుస్తుంది.

మాట ఒక్కటే పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టే చోటు మాత్రం ఉంది, వైద్యుడి కాగితం. డెబ్బై ఎనిమిదేళ్లాయన నిన్నటిదాకా పేపరు చదివి, ఇవాళ ఉన్నట్టుండి కొడుకునే గుర్తుపట్టడం లేదనుకోండి. 'వయసు మీద పడింది, అంతే' అంటే కథ అక్కడితో ఆగిపోతుంది. అలా అనని డాక్టరు ఇది ఎప్పుడు మొదలైందని మొదట అడుగుతారు. వయసు వల్ల వచ్చే మార్పు నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. గంటల్లో, రోజుల్లో వచ్చి, పొద్దున తగ్గి రాత్రికి పెరిగే అయోమయాన్ని డెలీరియం అంటారు. దాని వెనక మూత్రంలో ఇన్‌ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్రో ఉండవచ్చు. చాలామటుకు చికిత్సకు లొంగేవే. 'వయసు' అన్న ఒక్క మాట ఆ రక్తపరీక్ష రాయనివ్వదు.

ఈ గొడవే ప్రపంచ ఆరోగ్య సంస్థ గడప దాకా వెళ్లింది. దేశదేశాల డాక్టర్లు జబ్బులకు వేసే కోడ్‌ల జాబితా పదో కూర్పులో 'సెనిలిటీ' అని ఒకటి ఉండేది. 2019లో ఆమోదం పొందిన పదకొండో కూర్పులో ఆ మాట బాగా లేదని 'ఓల్డ్ ఏజ్' అని మార్చారు. సెనిలిటీ కన్నా ఇది మర్యాదే కదా అనుకున్నట్టున్నారు. కానీ ముసలితనమే ఒక రోగలక్షణమైతే ఇక కారణం ఎవరు వెతుకుతారని వృద్ధుల సంఘాలూ వైద్యులూ లాటిన్ అమెరికా నుంచి యూరప్ దాకా ఆందోళన చేశారు. జాబితా 2022 జనవరిలో అమల్లోకి వచ్చే సమయానికి ఆ రెండు మాటలూ తీసేసి, 'వయసుతో వచ్చే సహజ సామర్థ్యాల తగ్గుదల' అనే అర్థం వచ్చే పొడుగాటి పేరు పెట్టారు. కోడ్ మాత్రం పాతదే, ఎంజీ2ఏ. అదే ఏడాది సెప్టెంబరులో స్కాట్లాండ్‌లో కన్నుమూసిన రెండో ఎలిజబెత్ రాణి మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర 'ఓల్డ్ ఏజ్' అనే రాశారు. ఆమెకు 96 ఏళ్లు. బ్రిటన్‌లో ఎనభై దాటినవారికి, వేరే కారణమేదీ కనిపించనప్పుడు, అలా రాయడానికి డాక్టర్లకు ఇప్పటికీ అనుమతి ఉంది.