గ్రాఫిక్స్ కార్డు: ఫ్రేముల లెక్క ఒక్కటే చాలదు

2023లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600 కార్డులు రెండింటికీ మెమరీ 8 జీబీయే. రే ట్రేసింగ్ వాడని ఆటల్లో వేగంలోనూ పెద్ద తేడా ఉండదు. అసలు తేడాలు వేరే చోట ఉన్నాయి.

మొదటిది అప్‌స్కేలింగ్. ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి, తెరకు సరిపడా పెంచడమే ఇది. 1080పీ తెర మీద ‘క్వాలిటీ’ మోడ్ పెడితే కార్డు గీసేది 720పీ బొమ్మనే. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ ఆర్‌టీఎక్స్ కార్డులకే పరిమితం. ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ 3 ఇతర కంపెనీల కార్డుల మీదా నడుస్తుంది. కానీ దాంతో కరెంటు తీగలు, కంచెలు, జుట్టు లాంటి సన్నని గీతలు కదలికలో ఎక్కువగా మిణుకుమంటాయి.

రెండోది వీడియో ఎన్‌కోడర్. రెండు కార్డులూ ఏవీ1 రికార్డు చేస్తాయి. అయితే ఆర్‌ఎక్స్ 7600 హార్డ్‌వేర్ పరిమితి వల్ల 1080 వరుసల వీడియో 1082 వరుసలతో వస్తుంది. కొన్ని ప్లేయర్లలో అడుగున సన్నని నల్లగీత కనిపిస్తుంది.

మూడోది డ్రైవర్. 2022లో ఇంటెల్ ఆర్క్ కార్డులు వచ్చినప్పుడు పాత డైరెక్ట్‌ఎక్స్ 9 ఆటలు తడబడ్డాయి. తర్వాతి డ్రైవర్లతో అవే కార్డులు బాగా పుంజుకున్నాయి. అందుకే విడుదలనాటి సమీక్షతో ఆగకుండా, ఇటీవలి డ్రైవర్‌తో చేసిన పరీక్షలు చూడండి. మీరు ఆడే ఆటలో ఏ అప్‌స్కేలింగ్ ఉందో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.